పెదవుల కంటే ముందు మాట కుదరాలి

పిల్లలకు విరేచనాలైనప్పుడు ఓఆర్ఎస్ ఎలా కలపాలో, ఎలా పట్టాలో చెప్పే ఇంగ్లీషు వీడియో ఒకటి ఉందనుకుందాం. నిడివి నాలుగు నిమిషాలు. ఒక నర్సు కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతుంది. మధ్యమధ్యలో ఆమె చేతులు, గిన్నె, నీళ్లు, ప్యాకెట్ దగ్గరగా కనిపిస్తాయి. ఈ వీడియోను ఇవాళ దొరికే ఏఐ డబ్బింగ్ సాధనాల్లో తెలుగు వచ్చిన ఒకదానికి ఎక్కించి భాష ఎంచుకుంటే, కాసేపట్లో ఆ నర్సే తెలుగులో మాట్లాడుతున్న వీడియో చేతికొస్తుంది. గొంతు దాదాపు ఆమెదే. పెదవులు కూడా తెలుగు మాటలకు తగ్గట్టే కదులుతుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. రెండోసారి చూస్తే ఎక్కడో తేడా కొడుతుంది. ఆ తేడా ఎక్కడని అడిగితే చాలామంది పెదవుల్నే చూపిస్తారు. నిజానికి పెదవుల పని ఈ మధ్య బాగానే తేలికైంది. తేడా ఎక్కువగా పుట్టేది అంతకంటే ముందు, వాక్యం తయారయ్యే దగ్గర. అందుకే ఈ ఒక్క వీడియోనే పట్టుకుని, లోపల ఏం జరుగుతుందో వరసగా చూద్దాం.

బయటికి ఒక్క బటన్‌లా కనిపించినా లోపల నాలుగైదు వేర్వేరు యంత్రాలు ఒకదాని పని ఒకటి అందుకుంటాయి. మొదటిది ఆడియోను రెండుగా విడదీస్తుంది. నర్సు గొంతు ఒక పక్కకు, వెనక వినిపించే సంగీతం, చెంచా చప్పుడు వంటివన్నీ ఇంకో పక్కకు పోతాయి. రెండోది ఆ గొంతు విని ఇంగ్లీషు మాటల్ని అక్షరాల్లో పెడుతుంది. ఏ మాట ఏ సెకను దగ్గర మొదలై ఎక్కడ ముగిసిందో కూడా రాసిపెట్టుకుంటుంది. మూడోది దాన్ని తెలుగు చేస్తుంది. నాలుగోది తెలుగు వాక్యాన్ని చదివి గొంతుగా మారుస్తుంది. చివరిది, కావాలంటేనే, ముఖం మీద పెదవుల్ని తిరగగీస్తుంది. ఒక చోట జరిగిన తప్పును తర్వాతి యంత్రం సరిదిద్దదు. పైగా దాన్ని ఇంకాస్త నమ్మకంగా పలుకుతుంది.

వినడంలోనే తప్పు దొర్లితే ఎంత దూరం పోతుందో చూడండి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనే రెండు అంకెలు వేగంగా పలికితే ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. అక్షరాల్లో 15 బదులు 50 పడిందంటే తెలుగు గొంతు చక్కగా, తడబడకుండా యాభై అంటుంది. నిశ్శబ్దం ఉన్నచోట, లేదా సంగీతం మాత్రమే ఉన్నచోట, ఎవరూ అనని వాక్యాన్ని తనంతట తానే రాసేసే అలవాటు కూడా ఈ వినే యంత్రాలకు ఉంది. అందువల్ల అనువాదానికి పంపే ముందే ఇంగ్లీషు పాఠాన్ని వీడియో పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకోవడం తప్పనిసరి. నాలుగు నిమిషాల వీడియోకు అదేమంత పెద్ద పని కాదు. ఆరోగ్యం విషయంలో అయితే ముఖ్యంగా అంకెలన్నిటినీ విడిగా గుర్తుపెట్టి చూడాలి.

సెకన్ల లెక్క

ఇప్పుడు అసలు విషయం. నర్సు అన్న ఒక వాక్యం తీసుకుందాం: "పోర్ వన్ లీటర్ ఆఫ్ క్లీన్ డ్రింకింగ్ వాటర్ ఇంటూ ది వెసెల్, అండ్ దెన్ యాడ్ ది హోల్ ప్యాకెట్." దీనికి ఆమెకు సుమారు నాలుగున్నర సెకన్లు పట్టిందనుకుందాం. వెంటనే తర్వాతి వాక్యం ఉంది కాబట్టి తెలుగుకు కూడా దొరికేది ఆ నాలుగున్నర సెకన్లే.

యంత్రం ఇచ్చే తెలుగు సాధారణంగా ఈ ధోరణిలో ఉంటుంది: "పాత్రలో ఒక లీటరు శుభ్రమైన త్రాగునీటిని పోయండి, ఆపై మొత్తం ప్యాకెట్‌ను జోడించండి." అర్థం తప్పు కాదు. నోటితో పలికి లెక్కపెడితే 31 అక్షరాలు వస్తాయి. నిదానంగా సూచనలు చెప్పే తెలుగు గొంతు సెకనుకు ఆరు అక్షరాల చొప్పున పలుకుతుందనుకుంటే దీనికి ఐదు సెకన్లు దాటుతుంది. మిగిలిన ముప్పావు సెకను ఎక్కడి నుంచి తేవాలి?

సాధనం ముందు రెండు దారులే ఉంటాయి. గొంతు వేగం పెంచి ఇరికించడం ఒకటి. పదో వంతు వరకూ పెంచితే చాలామందికి తెలియదు. అయిదో వంతుకు వచ్చేసరికి తొందర తెలుస్తుంది. మూడో వంతు దాకా పోతే మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర షరతులు చదివే గొంతులా తయారవుతుంది. పిల్లాడికి విరేచనాలవుతుంటే కంగారులో ఉన్న తల్లికి చెప్పవలసిన మాటలు ఆ వేగంలో చెవికెక్కవు. రెండో దారి, వాక్యాన్ని దాని సహజమైన వేగంతోనే వదిలేయడం. అప్పుడు ప్రతి వాక్యానికీ కొంత బకాయి పడుతుంది. పది వాక్యాలు గడిచేసరికి ఏడెనిమిది సెకన్లు వెనకబడతాం. తెర మీద నర్సు పిల్లాడికి చెంచాతో పడుతుంటే, గొంతు ఇంకా ప్యాకెట్ చించమంటూ ఉంటుంది.

మూడో దారి యంత్రానిది కాదు, మనిషిది. వాక్యాన్ని తిరగరాయడం. "మంచినీళ్లు ఒక లీటరు గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం వేసి కలపండి." ఇందులో 24 అక్షరాలున్నాయి. అదే నిదానంలో నాలుగు సెకన్లు. మధ్యలో కామా దగ్గర ఊపిరి తీసుకోవడానికి అర సెకను మిగిలింది కూడా. అర్థంలో ఏమీ పోలేదు. పైగా ఇప్పుడిది మన ఇళ్లలో మాట్లాడుకునే మాట.

దీనిలో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషు వాక్యం "పోర్" అని మొదలవుతుంది. అంటే నర్సు పెదవులు మూసుకుని ఉన్నచోట వాక్యం మొదలవుతుంది. తెలుగు వాక్యం "మంచినీళ్లు" అని మొదలైంది. మకారానికి కూడా పెదవులు మూయక తప్పదు. చివర్లో ఆమె ప్యాకెట్ అన్న చోటికి కాస్త అటూఇటూగా మన వాక్యంలోనూ ప్యాకెట్ వచ్చింది. పెదవుల్ని గీసే యంత్రం లేకుండానే ఈ వాక్యం ఆమె ముఖానికి చాలావరకు కుదిరిపోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. తెలుగు సినిమాలో డబ్బింగ్ మాటల రచయితలు ఇదే పని చేస్తూ వచ్చారు. 1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలు, పాటలు రాశారు. తర్వాతి తరాల్లో రాజశ్రీ, వెన్నెలకంటి, శ్రీరామకృష్ణ వంటివారు తమిళ చిత్రాలకు అదే చేశారు. తెర మీద నటుడి పెదవులు ఎక్కడ మూసుకుంటున్నాయో చూసుకుని, సరిగ్గా అక్కడ ప, బ, మ వచ్చే మాట వెతకడం ఆ పనిలో సగం. ఇంకో సగం, అలా వెతికిన మాట ఆ పాత్ర నోట నిజంగా వచ్చే మాటలా ఉండటం. బాలసుబ్రహ్మణ్యం కమల్‌హాసన్‌కు గొంతు ఇచ్చినా, మనో రజనీకాంత్‌కు ఇచ్చినా, ముందు ఈ రచన కుదిరింది కాబట్టే ఆ గొంతులు కుదిరాయి.

వాళ్లకు ఉండి మన నర్సు వీడియోకు లేని సౌలభ్యం ఒకటుంది. హిందీలో గానీ తమిళంలో గానీ క్రియ వాక్యం చివర్లో వస్తుంది, తెలుగులో వచ్చినట్టే. కాబట్టి తమిళ నటుడు ఏ మాట దగ్గర వేలెత్తాడో తెలుగు వాక్యంలో కూడా ఆ మాట ఇంచుమించు అక్కడే పడుతుంది. ఇంగ్లీషులో క్రియ ముందుకొచ్చేస్తుంది. "వద్దు" అనే భావం ఇంకా ముందుకొస్తుంది.

మన వీడియోలోనే చూడండి. ఓఆర్ఎస్ కలిపాక ఆ నీళ్లను మరిగించకూడదు. నర్సు "డు నాట్ బాయిల్ ఇట్" అంటూ మొదటి మాటతోనే అరచెయ్యి అడ్డంగా పైకెత్తుతుంది, తల అడ్డంగా ఊపుతుంది. యంత్రం ఇచ్చిన తెలుగు: "కలిపిన తర్వాత ఈ ద్రావణాన్ని మరిగించవద్దు." చెయ్యెత్తినప్పుడు గొంతు "కలిపిన తర్వాత" దగ్గరుంది. "వద్దు" వచ్చేసరికి చెయ్యి దిగిపోయి, ఆమె చిరునవ్వుతో తల ఆడిస్తోంది. చూసేవాళ్లకు ఏం తప్పో చెప్పడం చేతకాదు గానీ మనిషి ఒకటి, మాట ఒకటి అయినట్టు అనిపిస్తుంది. పెదవుల్ని ఎంత అందంగా గీసినా ఇది పోదు. చెయ్యి, తల, కనుబొమలు ఇంకా ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాయి మరి.

దీనికి మందు కూడా రాతలోనే ఉంది. తెలుగు వాక్యంలో మాటల్ని అటూఇటూ జరుపుకునే వీలు చాలా ఎక్కువ. "వద్దు, కలిపాక మళ్లీ మరిగించొద్దు" అంటే చెయ్యీ మాటా ఒకేసారి పడతాయి. అలాగే చెంచా పైకెత్తి చూపిస్తూ ఒకటి రెండు నిమిషాలకోసారి ఒక చెంచా పట్టమని చెప్పే చోట, "ఒక్కో చెంచా, నిమిషానికో రెండు నిమిషాలకో, నెమ్మదిగా పట్టండి" అని చెంచాను ముందుకు తెచ్చుకోవచ్చు. ఇలా మార్చాలంటే వీడియో చూస్తూ రాయాలి. యంత్రాలు చాలావరకు వాక్యాన్ని మాత్రమే చూస్తాయి, చెయ్యిని చూడవు. అనువాదాన్ని దిద్దే మనిషి కూడా వీడియో మూసేసి ఉత్త పాఠాన్నే దిద్దితే ఫలితంలో తేడా రాదు.

వాక్యాన్ని విడివిడిగా చూడటం వల్ల వచ్చే చిక్కు ఇంకోటి, మర్యాద. నర్సు తల్లితో మాట్లాడుతున్నప్పుడు "మీరు", పిల్లాడి వైపు తిరిగి "తాగు నాన్నా" అన్నప్పుడు "నువ్వు". ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. యంత్రం ఒక వాక్యంలో "పట్టండి" అని, తర్వాతి దానిలో "పట్టు" అని, ఆ పసివాణ్ని "దయచేసి త్రాగండి" అని అనగలదు. చదివేటప్పుడు ఇది చిన్న దోషంలా ఉంటుంది. ఎదురుగా ముఖం కనిపిస్తూ, ఆ ముఖం నుంచే ఈ మాటలు వస్తుంటే మాత్రం మనిషి మీదే అనుమానం కలుగుతుంది.

గొంతులో ఏం లోటు

గొంతు తయారుచేసే యంత్రాల విషయంలో గత కొన్నేళ్లలో వచ్చిన మార్పు చాలా పెద్దది. మన భాషల కోసం ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం, ఇంకా కొన్ని విద్యాసంస్థలు పనిగట్టుకుని చేసిన కృషి ఇందులో ఉంది. ఒక్క వాక్యం వినిపిస్తే అది మనిషి చదివిందో యంత్రం చదివిందో చెప్పడం ఇప్పుడు కష్టమే. నాలుగు నిమిషాలు వరసగా విన్నప్పుడే లోటు బయటపడుతుంది.

సాధారణంగా ఈ సాధనాలు వీడియోను ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ విడిగా గొంతు ఇస్తాయి. దాంతో ప్రతి వాక్యం ఒకే ఎత్తులో మొదలై, ఒకే తీరున కిందికి దిగి ఆగుతుంది. మనిషి అలా మాట్లాడడు. ఇంకా చెప్పవలసింది ఉందని తెలిస్తే వాక్యం చివర గొంతును దించడు, పట్టి ఉంచుతాడు. ముందు చెప్పిన మాటనే మళ్లీ అంటున్నప్పుడు తేలిగ్గా అంటాడు, కొత్త మాటను నొక్కి పలుకుతాడు. "ఒక లీటరు" అని మొదటిసారి అన్నప్పుడు ఉండే బరువు రెండోసారి ఉండదు. "అర లీటరు కాదు, లీటరు" అన్నప్పుడు మళ్లీ వస్తుంది. ఈ హెచ్చుతగ్గులు ఉత్త వాక్యంలో రాసి ఉండవు, సందర్భంలో ఉంటాయి. ముక్కలుగా చేసినప్పుడు పోయేది ఆ సందర్భమే. కొంత సరిచేసుకోవచ్చు: ఒకే ఊపులో సాగే రెండు మూడు వాక్యాలను కలిపి ఒకే ముక్కగా ఇవ్వాలి. అయితే అప్పుడు సమయం సరిపెట్టడం కాస్త కష్టమవుతుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడో ఒకచోట ఒప్పుకోక తప్పదు.

నర్సు గొంతునే అచ్చుపోసి తెలుగు పలికిస్తే ఇంకో సమస్య వస్తుంది. ఆమె గొంతు నమూనా ఇంగ్లీషులో ఉంది. ఆ నమూనాతో పాటు ఆమె ఇంగ్లీషు యాస కూడా తెలుగులోకి కారుతుంది. ళ, ణ పలకవలసిన చోట ల, న వినిపిస్తాయి. దీర్ఘం తగ్గిపోతుంది. ఒత్తు ఉన్నచోట నాలుక నిలవదు, "చెమ్మ", "గిన్నె" వంటి మాటలు పలచబడతాయి. తెలుగు సరిగా రాని మనిషి కష్టపడి మాట్లాడుతున్నట్టుంటుంది. ఒక ప్రముఖుడి ఉపన్యాసమైతే ఆ గొంతు ఉండటమే ముఖ్యం కావచ్చు. ఓఆర్ఎస్ వీడియోకు ఎవరి గొంతన్నది కాదు, స్పష్టంగా వినిపించడం ముఖ్యం. ఇలాంటి వాటికి అచ్చుపోసిన గొంతు కంటే, తెలుగువాళ్ల గొంతులతో శిక్షణ పొందిన సిద్ధమైన గొంతు ఎంచుకోవడమే నయం. ఎవరి గొంతునైనా అచ్చుపోసే ముందు వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

అంకెలు మళ్లీ ఇక్కడ తగులుతాయి. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్రలు 10-14 రోజులు ఇవ్వాలని చెబుతారు. ఆ గీతను చదివే యంత్రం పది నుంచి పద్నాలుగు అనవచ్చు, పది పద్నాలుగు అనవచ్చు, పది మైనస్ పద్నాలుగు అని కూడా అనవచ్చు. కొన్నిసార్లు తెలుగు వాక్యం మధ్యలో అంకెను మాత్రం ఇంగ్లీషులో పలికి ముందుకు పోతుంది. కాబట్టి గొంతుకు ఇచ్చే పాఠంలో అంకె ఒక్కటి కూడా ఉండకూడదు. "పది నుంచి పద్నాలుగు రోజులు", "ఇరవై నాలుగు గంటలు" అని అక్షరాల్లో రాయాలి. ఓఆర్ఎస్, ఎంజీ వంటి పొట్టి మాటల్ని కూడా ఎలా పలకాలో అలాగే తెలుగులో రాసివ్వాలి.

చివరగా గది. యంత్రం చేసిన గొంతు ఏ గోడకూ తగలని గొంతు. నర్సు నిలబడ్డది గచ్చు నేల, పెంకుల గోడ ఉన్న గదిలో. ఆ గది మోగే మోత ఆమె అసలు గొంతులో ఉంది, కొత్త గొంతులో లేదు. మనిషి అక్కడున్నాడు, మాట ఇంకెక్కడి నుంచో వస్తోంది అనిపించడానికి చాలాసార్లు కారణం పెదవులు కాదు, ఇదే. అసలు ఆడియోలో మాటలు లేని రెండు సెకన్ల గది చప్పుడు కత్తిరించుకుని వీడియో పొడవునా కింద సన్నగా పరిచి, కొత్త గొంతుకు కొంచెం ప్రతిధ్వని కలిపితే ఆశ్చర్యం కలిగించేంత తేడా వస్తుంది. గొంతును విడదీసేటప్పుడు చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు పోయి ఉంటే దాన్ని కూడా తిరిగి పెట్టుకోవాలి.

పెదవుల సంగతి

పెదవుల్ని తిరగగీయడం గురించి మాట్లాడితే హైదరాబాద్ పేరు తీయకుండా ఉండలేం. 2020లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు కె.ఆర్. ప్రజ్వల్, రుద్రభ ముఖోపాధ్యాయ్, సి.వి. జవహర్, బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన వినయ్ నంబూద్రితో కలిసి వావ్2లిప్ అనే నమూనాను ప్రచురించారు. ఏ మనిషి వీడియో అయినా, ఏ భాష ఆడియో అయినా ఇస్తే పెదవుల్ని ఆ ఆడియోకు కుదిర్చే పద్ధతి అది. అందరికీ అందుబాటులో పెట్టడంతో ప్రపంచమంతా వాడింది.

అది పనిచేసే తీరు తెలిస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి. ముఖంలో కింది సగాన్ని మూసేసి, వినిపిస్తున్న శబ్దానికి తగ్గట్టు ఆ సగాన్ని కొత్తగా గీయమని నమూనాకు ఇస్తారు. గీసింది శబ్దానికి కుదిరిందో లేదో తేల్చడానికి ఇంకో నమూనా ఉంటుంది. అది ఒకేసారి అయిదు ఫ్రేములు, అంటే సెకనులో అయిదో వంతు చూసి తీర్పు చెబుతుంది. కాబట్టి ఈ పద్ధతికి మాట తెలియదు, భాష తెలియదు. శబ్దానికీ నోటి ఆకారానికీ ఉన్న సంబంధమే తెలుసు. తెలుగు ఎన్నడూ వినకపోయినా తెలుగుకు పనిచేయడం అందువల్లే. వావ్2లిప్ గీసే ముఖం 96 పిక్సెళ్ల చదరం. హెచ్‌డీ వీడియోలో ముఖం దగ్గరగా ఉంటే ఆ చిన్న చదరాన్ని సాగదీసి అతికించవలసి వస్తుంది. నోటి చుట్టూ మసక, పళ్లు కలిసిపోయి ఒకే తెల్లటి పట్టీలా కనిపించడం దాని గుర్తులు. తర్వాత వచ్చిన నమూనాలు ఈ మసకను బాగా తగ్గించాయి. 2025లో 'వాచ్ ద స్కైస్' అనే స్వీడిష్ సినిమాను, నటుల పెదవుల్ని ఇంగ్లీషుకు తగ్గట్టు మార్చి అమెరికా థియేటర్లలో విడుదల చేసే దాకా ఈ విద్య వచ్చింది. ఆ నటులే స్టూడియోలో తమ ఇంగ్లీషు మాటల్ని తామే చెప్పుకున్నారు. గొంతు యంత్రానిది కాదు.

చిక్కు మిగిలేది ముఖం సూటిగా లేనప్పుడు. నర్సు పక్కకు తిరిగి గిన్నె వైపు చూస్తూ మాట్లాడితే, చెంచా నోటి ముందు నుంచి పోతే, చెయ్యి గడ్డానికి అడ్డమొస్తే నమూనా తడబడుతుంది. చెంచా ఒక్క ఫ్రేములో సగం మాయమవుతుంది. మైకు, గుబురు గడ్డం, మాస్కు అన్నీ ఇదే బాపతు. ఇంకో సంగతి, మనం పెదవులతో మాత్రమే మాట్లాడం. దవడ దిగుతుంది, బుగ్గలు లాగుతాయి, గొంతు కదులుతుంది, ఊపిరికి భుజం లేస్తుంది. కింది సగం తెలుగులో కదులుతూ కళ్లు, కనుబొమలు ఇంగ్లీషు ఊపులో ఆడుతుంటే ఆ రెండు సగాల మధ్య పొత్తు కుదరదు.

తెలుగులో దీన్ని పట్టుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. ప, బ, మలకు పెదవులు పూర్తిగా మూసుకోవాలి. ద్విత్వమైతే ఇంకా ఎక్కువసేపు మూసి ఉంచాలి. "అమ్మ", "పప్పు", "చెప్పండి", "గుమ్మం" వంటి మాటలు వచ్చిన చోట వీడియోను పావు వేగంలో నడిపి చూడండి. "మ్మ" దగ్గర పెదవులు నిజంగా కలిశాయా? కలిసి కాసేపు నిలిచాయా? లేక ముట్టీముట్టనట్టు తగిలి విడిపోయాయా? నమూనా బలహీనత ముందుగా ఇక్కడే బయటపడుతుంది. ట, ళ, ణ వంటివి ఎంత తప్పినా కంటికి తెలియదు, అవి నోటి లోపల జరిగేవి. వాటిని చెవితోనే పట్టుకోవాలి.

పెదవుల మూత మన మీద ఇంత ప్రభావం చూపడానికి కారణాన్ని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు బయటపెట్టారు. "బ" అనే శబ్దం వినిపిస్తూ, "గ" అంటున్న ముఖం చూపిస్తే చాలామందికి "ద" వినిపించింది. అంటే మనం చెవితో విన్నదాన్ని కన్ను మార్చేస్తుంది. తప్పుగా కదిలే పెదవులు చిరాకు పెట్టడంతో ఆగవు, మాటనే అస్పష్టం చేయగలవు. శబ్దం ముందుకో వెనక్కో జరిగినా అంతే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం, శబ్దం చిత్రం కంటే 45 మిల్లీసెకన్లు ముందుకొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాళ్లు గమనిస్తారు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కాబట్టి శబ్దం ఒక ఫ్రేము దాటి ముందుకు రాకూడదు, మూడు ఫ్రేములు వెనకబడినా ఫర్వాలేదు. ఎటో ఒకవైపు తప్పక జరపవలసి వస్తే వెనక్కే జరపండి.

ఇంతా చెప్పాక, మన నర్సు వీడియోకు పెదవులు గీయించాలా? నేనైతే వద్దంటాను. డబ్బూ సమయమూ ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. పెదవులు కుదరకపోతే చూసేవాళ్లకు ఇది ఎవరో తెలుగు చేసిందని తెలుస్తూ ఉంటుంది, అనుమానమొస్తే అడుగుతారు. పెదవులు కుదిరితే నర్సమ్మే స్వయంగా తెలుగులో చెప్పిందని నమ్ముతారు. లీటరు బదులు అర లీటరు అని ఎక్కడో తప్పు పడితే ఆ తప్పుకు కూడా ఆమె ముఖం పూచీ ఇస్తుంది. ఓఆర్ఎస్ మరీ చిక్కగా కలిస్తే పిల్లాడి ఒంట్లో ఉప్పు ఎక్కువై ప్రమాదం తెస్తుంది. ఆ పూచీ యంత్రం చేత ఇప్పించకూడదు. ఆమె మాట్లాడే ముక్కలు మొదట్లో, చివర్లో కాసేపు ఉంచి, మధ్యలో చేతులు, గిన్నె, ప్యాకెట్ కనిపించే దృశ్యాలను పొడిగిస్తే సరిపోతుంది. చేతుల దృశ్యాన్ని అర సెకను సాగదీసినా ఎవరికీ తెలియదు. సెకన్ల లెక్కలో బకాయి పడ్డ చోట అది అక్కరకొస్తుంది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ హేమా మూర్తి బృందం కాలేజీ పాఠాల వీడియోలను భారతీయ భాషల్లోకి డబ్ చేసే పద్ధతి మీద పనిచేసింది. అలాంటి పాఠాల్లో చాలాసేపు తెర మీద ఉండేది స్లైడు. అక్కడ మాట స్లైడు మీది గీతతో కలవడమే ముఖ్యం, ముఖం మూలన చిన్నగా ఉంటుంది. కథ చెప్పే సినిమాలో, దగ్గరగా తీసిన ముఖం మీద, పెదవుల కోసం ఖర్చుపెట్టడంలో అర్థముంది.

పంపించే ముందు ఒకసారి తెర ఆపి ఆడియో మాత్రమే వినండి, ఎక్కడ గొంతు తొందరపడిందో తెలుస్తుంది. తర్వాత శబ్దం ఆపేసి తెలుగు పాఠాన్ని చేతిలో పట్టుకుని చూడండి, చెయ్యి ఎత్తిన చోటికి ఏ మాట వచ్చిందో తెలుస్తుంది. ఆ తర్వాత ఇంగ్లీషు వీడియో చూడని ఒక తల్లికి చూపించండి. బాగుందా అని అడగొద్దు, మర్యాదకు బాగుందనే అంటారు. "నీళ్లెన్ని పొయ్యాలమ్మా? ప్యాకెట్ ఎంత వెయ్యాలి? మిగిలింది ఎప్పుడు పారబొయ్యాలి? బిడ్డ కక్కుకుంటే ఏం చేస్తావు?" అని అడగండి. లీటరు, ప్యాకెట్ మొత్తం, 24 గంటలకు, పది నిమిషాలు ఆగి మళ్లీ నెమ్మదిగా పడతానని ఆమె తడుముకోకుండా చెబితే వీడియో సిద్ధమైనట్టు. ఏదో ఒకదాని దగ్గర ఆగిపోతే ఆ వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లి, దాన్ని తిరగరాసి, ఆ ఒక్క ముక్కకు మళ్లీ గొంతు చేయించాలి.